ఫాస్ట్ స్టొకాస్టిక్, స్లో స్టొకాస్టిక్: తేడా అంతా ఒక్క సగటులోనే

నిజామాబాద్ గంజ్‌లో అడ్తి దుకాణం ముందు ఇద్దరు నిలబడి పసుపు ఫ్యూచర్స్ చార్ట్ చూస్తున్నారనుకుందాం. ఇద్దరి ఫోన్లలోనూ అదే కాంట్రాక్టు, అదే డైలీ చార్ట్, కింద అదే స్టొకాస్టిక్. ఒకరి ఫోన్‌లో గీతలు పైకి క్రాస్ అయ్యాయి, ఇంకొకరి ఫోన్‌లో ఇంకా కాలేదు. నీ యాప్ తప్పు అంటే నీ యాప్ తప్పు అని వాదన మొదలవుతుంది. నిజానికి రెండూ సరైనవే. ఒకరిది ఫాస్ట్ స్టొకాస్టిక్, ఇంకొకరిది స్లో. సెట్టింగ్స్‌లో ఒక్క అంకె తేడా, దాన్ని ఇద్దరూ ఎప్పుడూ తెరిచి చూడలేదు, అంతే.

ఆ ఒక్క అంకె ఏం చేస్తుందో తెలియకుండా ‘ఫాస్ట్ మార్కెట్‌కి ఫాస్ట్ సెట్టింగ్, స్లో మార్కెట్‌కి స్లో సెట్టింగ్’ అనేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. పేర్లు అలా ఉన్నాయి కాబట్టి అలా అనిపిస్తుంది. లెక్కలోకి దిగితే చాలాసార్లు దీనికి తిరగబడిన జవాబే వస్తుంది.

ముందు అసలు లెక్క. 1950ల్లో జార్జ్ లేన్ ప్రచారంలోకి తెచ్చిన ఈ ఇండికేటర్ అడిగేది ఒక్కటే ప్రశ్న: గత కొన్ని క్యాండిళ్లలో ధర తిరిగిన మొత్తం పరిధిలో ఇవాళ్టి క్లోజ్ ఎంత ఎత్తులో ఉంది? 14 రోజుల్లో కనిష్ఠం 13,200 రూపాయలు, గరిష్ఠం 14,000 అయితే పరిధి 800. ఇవాళ క్లోజ్ 13,360 అయితే అడుగు నుంచి 160 పైన ఉన్నట్టు. 800లో 160 అంటే 20 శాతం. అదే %K. క్లోజ్ సరిగ్గా గరిష్ఠం మీద ఉంటే 100, కనిష్ఠం మీద ఉంటే 0. ఇందులో ధర ఖరీదా చవకా అనే మాటే లేదు, పరిధిలో ఎక్కడుంది అన్నదే ఉంది.

ఈ పచ్చి %K, దానికి తోడు దాని మూడు రోజుల సగటు. ఆ సగటు పేరు %D. ఈ జంటే ఫాస్ట్ స్టొకాస్టిక్. పచ్చి %K మరీ ఎగిరెగిరి పడుతుంది కాబట్టి, దాన్ని పక్కన పడేసి ఆ మూడు రోజుల సగటునే %K అని పిలిచి, దానికి మళ్లీ మూడు రోజుల సగటు తీసి %D అంటే అది స్లో స్టొకాస్టిక్. అంటే ఫాస్ట్‌లోని %D, స్లోలోని %K రెండూ ఒకటే గీత. ఎవరికైనా నమ్మకం కుదరకపోతే ఒకే చార్ట్ మీద రెండింటినీ పెట్టి చూడవచ్చు, ఆ రెండు గీతలు ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్దినట్టు పడతాయి.

ట్రేడింగ్‌వ్యూలో దీన్ని ఐదారు లైన్లలో రాసి చూసుకోవచ్చు:

```
//@version=5
indicator("Stoch")
k = ta.sma(ta.stoch(close, high, low, 14), 1)
d = ta.sma(k, 3)
plot(k)
plot(d, color=color.orange)
```

మూడో లైన్ చివర ఉన్న `1` చూడండి. ఒక క్యాండిల్ సగటు అంటే సగటు తీయనట్టే, కాబట్టి ఇది ఫాస్ట్. దాన్ని `3` చేస్తే స్లో. ఆ యాప్‌లో మామూలుగా వచ్చే స్టొకాస్టిక్ కూడా 14, 1, 3తోనే తెరుచుకుంటుంది, అంటే మార్చకపోతే ఫాస్టే వాడుతున్నట్టు. మెటాట్రేడర్‌లో మాత్రం 5, 3, 3తో వస్తుంది, అంటే స్లో, పైగా ఐదు క్యాండిళ్లే. దానికితోడు మెటాట్రేడర్ సగటు తీసే పద్ధతి కూడా వేరు: మూడు రోజుల శాతాల సగటు తీయదు, పైన ఉండే మూడు అంకెల్ని కలిపి, కింద ఉండే మూడు పరిధుల్ని కలిపి, అప్పుడు భాగిస్తుంది. అందుకని రెండు చోట్లా 14, 3, 3 అనే పెట్టినా గీతలు కొంచెం తేడాగా వస్తాయి. తన స్క్రీన్ మీద ఉన్నది ఏదో సెట్టింగ్స్ తెరవకుండానే గుర్తుపట్టే దారి ఒకటుంది. %K గీత తరచూ సరిగ్గా 100నో 0నో తాకి రంపపు పళ్లలా తిరుగుతుంటే అది ఫాస్ట్. 95 దగ్గరో 7 దగ్గరో గుండ్రంగా వంగి వెనక్కి వస్తుంటే స్లో.

ఇప్పుడు ఒక వారం లెక్క వేద్దాం. అంకెలు లెక్క కోసం తీసుకున్నవే, కానీ ఇలాంటి వారాలు పసుపు చార్ట్‌లో ఎవరైనా చూసి ఉంటారు. 14 రోజుల విండో, క్వింటాల్ ధర. మొదటి వారం సోమవారం 14,000 దాకా వెళ్లి, బుధవారానికి 13,200 దాకా పడిపోయింది. ఆ తర్వాత రెండు వారాలు ఈ రెండు అంకెల్నీ ధర దాటలేదు, కాబట్టి పరిధి 800 దగ్గరే ఉండిపోతుంది, లెక్క తేలిక.

గురువారం క్లోజ్ 13,560, పచ్చి %K 45. శుక్రవారం 13,440, అంటే 30. రెండో వారం సోమవారం 13,360, అంటే 20. మంగళవారం 13,280, అంటే 10. బుధవారం ఒక్కసారిగా లేచి 13,520, అంటే 40. గురువారం మళ్లీ 13,280కి పడి 10. శుక్రవారం 13,640, అంటే 55. అక్కడి నుంచి ధర నిజంగానే పైకి నడిచిందనుకుందాం.

ఫాస్ట్ ఏం చూపించింది? బుధవారం %K 40, దాని సగటు 20, 10, 40 కలిపి మూడుతో భాగిస్తే 23.3. కింద ఉన్న %K పైకి దాటింది, కొనమని సిగ్నల్, ధర 13,520. గురువారం %K 10, సగటు 10, 40, 10 కలిపితే 20. మళ్లీ కిందికి దాటింది, బయటికి రమ్మని సిగ్నల్, ధర 13,280. శుక్రవారం %K 55, సగటు 35, మళ్లీ పైకి, ధర 13,640. మూడు రోజుల్లో మూడు సిగ్నళ్లు. మధ్యలో క్వింటాల్‌కి 240 రూపాయలు పోయాయి, 50 క్వింటాళ్ల మీద అయితే 12,000, బ్రోకరేజీ కాకుండా.

స్లో ఏం చూపించింది? దాని %K సోమవారం 31.7, మంగళవారం 20, బుధవారం 23.3, గురువారం 20, శుక్రవారం 35. దాని %D బుధవారం 25, గురువారం 21.1, శుక్రవారం 26.1. బుధవారం 23.3 అనేది 25 కింద, దాటలేదు. గురువారం 20 అనేది 21.1 కింద, దాటలేదు. శుక్రవారం 35, 26.1ని దాటింది, అదీ ఒక్కసారే, 13,640 దగ్గర. ఫాస్ట్ రెండోసారి కొన్న ధరకే స్లో మొదటిసారి కొన్నది. మధ్యలో 240 రూపాయల దెబ్బ తగలలేదు.

ఇది చూసి స్లో మంచిదని అనేయడానికి లేదు. అదే వారాన్ని ఇంకోలా నడిపిద్దాం: బుధవారం 40 తర్వాత గురువారం పడకుండా 13,680కి వెళ్లింది, అంటే 60. ఇంగ్లిష్ వి అక్షరంలా తిరిగిన మలుపు. ఫాస్ట్ బుధవారం 13,520కే పట్టుకుంది. స్లోలో గురువారం %K 36.7, %D 26.7, అప్పుడు గానీ దాటలేదు, ధర 13,680. ఒక రోజు ఆలస్యానికి 160 రూపాయలు కట్టినట్టు.

అసలు ఎంపిక ఇక్కడే ఉంది, ఇంతకు మించి ఏమీ లేదు. వెనక్కి తిరిగే దొంగ మలుపు వచ్చినప్పుడల్లా ఫాస్ట్ 240 పోగొడుతుంది, సూటి మలుపు వచ్చినప్పుడల్లా స్లో 160 పోగొడుతుంది. ఈ అంకెలతో అయితే మూడు సూటి మలుపులు, రెండు దొంగ మలుపులు సరిసమానం. ఐదింట్లో మూడు కన్నా ఎక్కువ సూటిగా తిరిగే మార్కెట్ అయితే ఫాస్ట్ గెలుస్తుంది, తక్కువైతే స్లో. కాబట్టి అడగాల్సింది మార్కెట్ ఫాస్టా స్లోనా అని కాదు, దాని మలుపులు శుభ్రంగా ఉంటాయా ముక్కలుముక్కలుగా ఉంటాయా అని. దాన్ని ఊహించుకోవాల్సిన పని లేదు, పాత చార్ట్ మీద వెనక్కి వెళ్లి 20 కింద నుంచి ఫాస్ట్ పైకి దాటిన చోట్లు ముప్పై నలభై లెక్కపెట్టి, వాటిలో ఎన్ని రెండు మూడు క్యాండిళ్లలోపే తిరగబడ్డాయో, తిరగబడినప్పుడు ఎంత పోయిందో, తిరగబడనప్పుడు ఒక క్యాండిల్ ఆలస్యం ఎంత ఖరీదైందో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. ఓ సాయంత్రం పని. ఇది చేయకుండా ఎవరో వీడియోలో చెప్పిన అంకె పెట్టుకోవడం, పక్కింటాయన కొలతలతో చొక్కా కుట్టించుకోవడం లాంటిది.

ఈ లెక్క వెనక ఒక సంగతి ఉంది, అది తెలిస్తే స్లో ఎందుకు నెమ్మదో కూడా తెలుస్తుంది. ఫాస్ట్ %Kలో ఇవాళ్టి క్యాండిల్‌దే మొత్తం బరువు. స్లో %Kలో మూడో వంతు. స్లో %Dలో తొమ్మిదో వంతే. అందుకే నడుస్తున్న క్యాండిల్ ఇంకా మూసుకోకముందే ఫాస్ట్ స్టొకాస్టిక్ క్రాస్ చూపించి, నిమిషం తర్వాత ఆ క్రాస్ మాయం చేస్తుంది. చార్ట్ ముందు కూర్చున్నవాళ్లకి టెన్షన్ అక్కడే మొదలవుతుంది. స్లో కూడా అలా చేయకపోదు గానీ తక్కువ చేస్తుంది. ఏది వాడినా క్యాండిల్ మూసుకున్నాకే క్రాస్‌ని లెక్కలోకి తీసుకోవాలి.

ఇక వేగంగా కదిలే మార్కెట్ సంగతి. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో ఇంట్లో కూర్చుని బ్యాంక్ నిఫ్టీ ఐదు నిమిషాల చార్ట్ చూసేవాళ్లు ఎక్కువగా ఫాస్ట్ వైపే మొగ్గుతారు, ‘అంత స్పీడుగా కదులుతుంటే లేటయితే ఎట్లా’ అని. కానీ ఐదు నిమిషాల క్యాండిల్‌లో అసలు కదలిక కన్నా గోల ఎక్కువ. ఒక పెద్ద ఆర్డర్ వచ్చి పోతే చాలు క్లోజ్ పరిధిలో ఈ కొస నుంచి ఆ కొసకి మారిపోతుంది. అంటే దొంగ మలుపులు ఎక్కువ. మరోవైపు స్లో తెచ్చే ఆలస్యం ఒక్క క్యాండిల్, అంటే ఐదు నిమిషాలే. గోల ఎక్కువ, ఆలస్యం చవక, కాబట్టి ఇక్కడ సాధారణంగా స్లోయే నప్పుతుంది. డైలీ చార్ట్‌లో అదే ఒక్క క్యాండిల్ ఆలస్యం అంటే ఒక పూర్తి రోజు, పైగా మర్నాడు ఉదయం ధర ఎక్కడ తెరుచుకుంటుందో చెప్పలేం. నెమ్మదిగా, నికరంగా నడిచే డైలీ చార్ట్ అయితే ఫాస్ట్‌ని ఆలోచించవచ్చు. పేరు చెప్పేదానికి ఇది పూర్తిగా తలకిందులు.

ఐదు నిమిషాల చార్ట్‌లో ఫాస్ట్, స్లో గొడవ కన్నా పెద్ద చిక్కు ఒకటి పొద్దున్నే వస్తుంది. మార్కెట్ 9:15కి తెరుచుకుంటుంది. 14 క్యాండిళ్లు అంటే 70 నిమిషాలు. అంటే 10:25 దాకా ఆ విండోలో నిన్నటి సాయంత్రం క్యాండిళ్లు ఉంటూనే ఉంటాయి. నిన్న చివరి క్యాండిళ్ల అడుగు 51,100 అనుకుందాం. ఇవాళ గ్యాప్‌తో పైన తెరుచుకుని 51,350 నుంచి 51,450 మధ్యే తిరుగుతోంది. ఇవాళ్టి అడుగైన 51,350 దగ్గర ఉన్నప్పుడు కూడా %K ఎంత? 350 పరిధిలో 250, అంటే 71. ఇవాళ్టి పరిధిలో అడుగున ఉన్నా స్టొకాస్టిక్ పైన ఉన్నట్టే చూపిస్తోంది. 10:20కి ధర 51,370 అయితే 77. ఐదు నిమిషాల తర్వాత ధర అదే 51,370, కానీ నిన్నటి చివరి క్యాండిల్ విండోలోంచి జారిపోయింది, ఇప్పుడు పరిధి 51,350 నుంచి 51,450, %K 20. ధర పైసా కదలలేదు, ఇండికేటర్ 77 నుంచి 20కి పడింది.

స్లో పెడితే ఇది పోతుందా? పోదు. 77, 77, 20ల సగటు 58, తర్వాత 39, తర్వాత 20. అదే అబద్ధాన్ని మూడు క్యాండిళ్లకు పరిచి, మెల్లగా వంగుతున్న నిజమైన గీతలా చూపిస్తుంది. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఒక్కసారిగా పడితే అనుమానం వస్తుంది, వంపుగా పడితే నమ్మబుద్ధి అవుతుంది. పెద్ద గ్యాప్ వచ్చిన రోజు 10:25 దాకా, స్లో అయితే ఇంకో రెండు క్యాండిళ్లు కలిపి 10:35 దాకా ఆ %Kని పక్కన పెట్టడమే సరైన పని. %D నిలదొక్కుకోవడానికి ఇంకో పది నిమిషాలు.

ఇలా పాత క్యాండిల్ జారిపోవడం వల్ల వచ్చే కదలిక ప్రతి చార్ట్‌లోనూ ఉంటుంది, గ్యాప్ రోజున కొట్టొచ్చినట్టు కనబడుతుంది అంతే. మన పసుపు ఉదాహరణలో మొదటి సోమవారం నాటి 14,000 మూడో వారం శుక్రవారం విండో దాటిపోతుంది. ఆ తర్వాతి గరిష్ఠం 13,800 అనుకుంటే, గురువారం, శుక్రవారం రెండు రోజులూ క్లోజ్ 13,560 దగ్గరే ఉన్నా %K 45 నుంచి 60కి లేస్తుంది. విండో ఎంత చిన్నదైతే ఇలాంటివి అంత తరచుగా వస్తాయి, ఐదు క్యాండిళ్ల విండోలో ప్రతి శిఖరమూ ప్రతి అడుగూ వారం తిరిగేలోపే జారిపోతుంది కదా. అందుకే క్రాస్ వచ్చినప్పుడు ఒకసారి చార్ట్ ఎడమ వైపు, సరిగ్గా 14 క్యాండిళ్ల వెనక్కి చూడటం అలవాటు చేసుకోవాలి. అక్కడ ఒక పెద్ద క్యాండిల్ ఇప్పుడే బయటికి వెళ్లి ఉంటే ఆ క్రాస్‌కి కారణం ఇవాళ్టి మార్కెట్ కాదు.

మరి విండో ఎంత పెట్టాలి? 14 అనేది దేవుడు రాసిన అంకె కాదు. ఐదు నిమిషాల చార్ట్‌లో 14 అంటే గంటా పది నిమిషాలు, డైలీలో దాదాపు మూడు వారాలు, రెండూ ఒకే జబ్బుకి ఒకే మందు అవడానికి వీల్లేదు. చార్ట్ మీద ఇటీవలి అడుగు నుంచి తర్వాతి అడుగుకి ఎన్ని క్యాండిళ్లు పట్టిందో ఐదారు చోట్ల లెక్కపెట్టి, మధ్యస్థంగా వచ్చిన దాంట్లో సగం తీసుకోవడం మొదలుపెట్టడానికి మంచి చోటు. అడుగు నుంచి అడుగుకి 20 నుంచి 24 రోజులు పడుతుంటే 10 నుంచి 12 రోజుల విండో.

సగమే ఎందుకంటే, విండో అంతకన్నా మరీ పెద్దదై పూర్తి చక్రాన్ని మింగేస్తే శిఖరం, అడుగు రెండూ ఎప్పుడూ విండోలోనే ఉంటాయి, పరిధి మారదు, %K అంటే ధర గీతనే 0 నుంచి 100 మధ్య మళ్లీ గీసినట్టు, కొత్తగా చెప్పేదేమీ ఉండదు. మరీ చిన్నదైతే, పది రోజుల పెరుగుదలలో మూడో రోజుకే 100 తాకి అక్కడే అతుక్కుపోతుంది, ఎప్పుడు దిగాలో చెప్పదు.

ఇప్పుడు నెమ్మది మార్కెట్. నిజామాబాద్ యార్డుకు కొత్త పసుపు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ముమ్మరంగా వస్తుంది, ఆ రోజుల్లో ధరలకీ కదలిక ఉంటుంది. రాక తగ్గి, వార్తలేవీ లేని వారాల్లో ధర ఒక సన్నటి పట్టీలో ఊగుతూ ఉండిపోవడం కద్దు. 14 రోజుల పరిధి 240 రూపాయలకు కుంచించుకుపోయిందనుకోండి. అప్పుడు 60 రూపాయల కదలిక కూడా 25 పాయింట్లు. పరిధి 800 ఉన్నప్పుడు అదే 60 రూపాయలు ఏడున్నర పాయింట్లే. అంటే మార్కెట్ నిద్రపోతున్నప్పుడే స్టొకాస్టిక్ ఎక్కువ గంతులేస్తుంది. చాలామంది ‘మార్కెట్ స్లోగా ఉంది, చిన్న కదలికల్ని పట్టుకోవాలి’ అని సరిగ్గా ఇప్పుడే విండోని 5కి తగ్గిస్తారు. తగ్గిస్తే భాగహారంలో కింది అంకె ఇంకా చిన్నదవుతుంది, గంతులు ఇంకా పెరుగుతాయి. చేయాల్సింది పెంచడం: 28 రోజులకి పెంచితే పరిధి 480 అయిందనుకుంటే ఆ 60 రూపాయలు పన్నెండున్నర పాయింట్లకి దిగుతాయి. %Kకి తీసే సగటుని, అంటే స్మూతింగ్‌ని పెంచడం కన్నా ఇది మేలు, ఎందుకంటే స్మూతింగ్ గంతుల్ని సగటు చేస్తుంది గానీ వాటికి కారణమైన చిన్న పరిధిని మార్చదు. అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటి: ఆ పరిధిలో కొని అమ్మితే ఖర్చులు పోను ఏమైనా మిగులుతుందా? 240 పరిధిలో అడుగునా కొనలేం, కొసనా అమ్మలేం, మధ్యలో నూరు రూపాయలు దొరికితే గొప్ప. మిగలకపోతే ఏ సెట్టింగూ దానికి మందు కాదు.

ఫాస్ట్ గానీ స్లో గానీ ఒక చోట రెండూ చేతులెత్తేస్తాయి. 2023 జూన్ నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా పసుపు ధర దాదాపు రెట్టింపైంది. అలాంటి పరుగులో ప్రతి కొన్ని రోజులకూ క్లోజ్ 14 రోజుల గరిష్ఠం దగ్గరే ఉంటుంది, కాబట్టి %K 80 పైనే కాపురం పెడుతుంది. 80 దాటింది, ఓవర్‌బాట్, అమ్ముదాం అనుకున్నవాళ్లని అది వారాల తరబడి ఏడిపిస్తుంది. స్లో పెట్టుకుంటే 80 పైన గీత ఇంకా నిబ్బరంగా ఉంటుంది తప్ప దిగదు. నిటారుగా నడిచే ట్రెండ్‌లో స్టొకాస్టిక్‌ని పై గీత దగ్గర అమ్మడానికి కాకుండా, 50 దగ్గరికో 30 దగ్గరికో దిగినప్పుడు ట్రెండ్ వైపే ఎక్కడానికి వాడితే కొంత పనికొస్తుంది. అప్పుడు మళ్లీ ఫాస్టా స్లోనా అన్న ప్రశ్న వస్తుంది, ఈసారి జవాబు ఎక్కువగా ఫాస్ట్ వైపు ఉంటుంది, ఎందుకంటే గట్టి ట్రెండ్‌లో దిగుడు రెండు మూడు రోజులే ఉంటుంది, స్లో ఆ దిగుడుని సగటులో కలిపేసి అసలు 50 దాకా రానివ్వకపోవచ్చు. ఉదాహరణకు పచ్చి %K 92, 90, 48, 88 అయితే స్లో గీత 75 కన్నా కిందికే రాదు, 48 అక్కడ కనబడనే కనబడదు.

ఫ్యూచర్స్ చూసేవాళ్లకి ఇంకో చిన్న సంగతి. నెల మారి కొత్త కాంట్రాక్టుకి దూకే కంటిన్యువస్ చార్ట్‌లో పాత, కొత్త కాంట్రాక్టుల మధ్య ధర తేడా ఒక గ్యాప్‌గా పడుతుంది, అది ఎవరూ కొనీ అమ్మీ వచ్చిన గ్యాప్ కాదు. అయినా స్టొకాస్టిక్ దాన్ని 14 రోజుల పాటు పరిధిలో మోస్తూనే ఉంటుంది. ఆ రోజుల్లో విడి కాంట్రాక్టు చార్ట్ తెరిచి చూసుకోవాలి.

చివరగా మార్కెట్ యార్డు రేట్ల మీద స్టొకాస్టిక్ వేద్దామనుకునేవాళ్ల కోసం. వరంగల్ ఏనుమాముల యార్డు మిర్చి రేట్లు రోజూ వస్తాయి: తేజకి ఇంత, వండర్ హాట్‌కి ఇంత, కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడైన మోడల్ ధర అని. ఆ కనిష్ఠం, గరిష్ఠాల్ని ఎక్సెల్‌లో లో, హై అని వేసుకుంటే లెక్క మొదట్లోనే చెడిపోతుంది. చార్ట్‌లో హై, లో అంటే ఒకే సరుకు ధర ఆ రోజు ఎంత దూరం తిరిగిందన్నది. యార్డులో గరిష్ఠం అంటే జెండా పాటలో నాణ్యమైన బస్తాలకు పలికింది, కనిష్ఠం అంటే తేమో తాలో ఉన్న సరుకుకు పలికింది. అది సరుకు తేడా, రోజులో వచ్చిన కదలిక కాదు. గరిష్ఠం 15,000, కనిష్ఠం 9,000, మోడల్ 13,500 అనుకుంటే %K 75. మర్నాడు మోడల్ 300 రూపాయలు పడినా ఆరు వేల పరిధిలో అది ఐదు పాయింట్లే. నిజంగా ధర దిగుతున్నా గీత బద్ధకంగా 70 దగ్గరే పడుకుంటుంది.

అక్కడ మోడల్ ధరనొక్కదాన్నే తీసుకుని, 14 రోజుల మోడల్ ధరల్లో పెద్దదాన్ని గరిష్ఠంగా, చిన్నదాన్ని కనిష్ఠంగా వేసుకోవాలి. ఇలా వేస్తే క్లోజే హై అవుతుంది కాబట్టి పచ్చి గీత మామూలు కన్నా ఎక్కువసార్లు 0, 100 తాకుతుంది, అందుకే యార్డు రేట్ల మీద ఫాస్ట్ అసలు పనికిరాదు, స్మూతింగ్ 3 బదులు 5 పెట్టుకోవడం మేలు. యార్డుకి సెలవు వచ్చిన రోజు వరుసని వదిలేసి తర్వాతి రోజుకి వెళ్లాలి, నిన్నటి రేటునే మళ్లీ రాయకూడదు. వరుసగా నాలుగు సెలవులకి అదే రేటు రాస్తే పచ్చి %K దాదాపు నిలిచిపోతుంది, దాని సగటు రోజురోజుకీ దగ్గరికి వచ్చి గీతలు రెండూ కలిసిపోతాయి, యార్డు తెరిచాక ధర పది రూపాయలు అటో ఇటో కదిలినా అది క్రాస్‌లా కనబడుతుంది.